పార్ట్-ఎ ఒక్కటే చేతికొస్తే: ఫారం 16లో ఏది సరిచూడవచ్చు, ఏది కుదరదు

జూన్ సగం దాటేసరికి ఉద్యోగుల చేతికి ఫారం 16 వస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక జూన్ 15లోగా యజమాని ఇవ్వాల్సిన జీతం పన్ను సర్టిఫికెట్ అది. ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్లు ఒకరుంటే, చుట్టాల ఫారాలన్నీ వాళ్ల వాట్సాప్‌కే చేరతాయి. "టాక్స్ సరిగ్గా కట్ చేశారా, రిఫండ్ ఏమైనా వస్తుందా, కొంచెం చూసి చెప్పండి" అని కింద ఒక వాక్యం ఉంటుంది. తెరిచి చూస్తే రెండు పేజీల పీడీఎఫ్. పైన పార్ట్-ఎ అని ఉంటుంది, పార్ట్-బి కనిపించదు. పంపినవారు మర్చిపోయి ఉండవచ్చు, ఆఫీసు రెండు ఫైళ్లుగా ఇస్తే ఒకటే పంపి ఉండవచ్చు, జీతం వివరాలు బయటపెట్టడం ఇష్టం లేక ఆపి ఉండవచ్చు. కారణం ఏదైనా, జవాబు చెప్పాల్సిన మనిషి ముందున్న ప్రశ్న ఒకటే. ఈ రెండు పేజీలను బట్టి ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగాలి?

ఈ అధ్యాయం చెప్పేది సూటిగా ఇదీ: పార్ట్-ఎ డబ్బు ప్రయాణానికి సాక్ష్యం. మీ జీతంలోంచి పట్టుకున్న పన్ను ప్రభుత్వ ఖాతాకు చేరిందా లేదా అన్నది అది బాగా చెబుతుంది. ఆ పన్ను అంత ఎందుకు అయింది, అంతే కావాలా అన్నది మాత్రం అసలు చెప్పదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసుకోవడం వల్లే తప్పుడు సలహాలు పుడుతున్నాయి. ఇక్కడి లెక్కలన్నీ 2024-25 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానివి. ఆ సంవత్సరపు శ్లాబులే వాడుతున్నాను.

ఆ రెండు పేజీల్లో ఉండేది

పార్ట్-ఎను ఆఫీసు అకౌంట్స్ వాళ్లు తమంతట తాము టైప్ చేయరు. ఆదాయపు పన్ను శాఖ నడిపే ట్రేసెస్ పోర్టల్ నుంచే దించుకోవాలి. ఈ నియమం 2012 ఏప్రిల్ 1 తర్వాత పట్టుకున్న పన్నులకు వర్తించేలా 2013లో వచ్చింది. పైభాగంలో సర్టిఫికెట్ నంబరు, చివరిసారి అప్‌డేట్ అయిన తేదీ, యజమాని పేరు, చిరునామా, పాన్, ట్యాన్, ఉద్యోగి పేరు, పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం ఉంటాయి. ఆ యజమాని దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో కూడా ఉంటుంది. దాని కింద మూడు నెలలకొక వరుస చొప్పున నాలుగు వరుసల పట్టిక ఉంటుంది. యజమాని దాఖలు చేసిన త్రైమాసిక టీడీఎస్ స్టేట్‌మెంట్ రసీదు నంబరు, చెల్లించిన మొత్తం, పట్టుకున్న పన్ను, జమ చేసిన పన్ను అందులో కనిపిస్తాయి. ఆ కింద చలాన్ల పట్టికలో బ్యాంకు శాఖ బీఎస్ఆర్ కోడ్, జమ చేసిన తేదీ, చలాన్ నంబరు, చివర ఒక్క అక్షరంలో స్థితి ఉంటాయి.

జీతం ఏయే భాగాలుగా వచ్చింది, ఇంటి అద్దె భత్యంలో ఎంత మినహాయించారు, స్టాండర్డ్ డిడక్షన్ ఎంత, 80సి కింద ఏం చూపారు, పాత విధానమా కొత్తదా, చివరికి పన్ను విధించే ఆదాయం ఎంత, దానిమీద పన్ను ఎలా వచ్చింది అన్నవన్నీ పార్ట్-బిలో ఉంటాయి. 2018-19 ఆర్థిక సంవత్సరం సర్టిఫికెట్ల నుంచి పార్ట్-బి కూడా ట్రేసెస్ నుంచే వస్తోంది. కాబట్టి ఇప్పుడు ఏ ఆఫీసూ "మా దగ్గర పార్ట్-ఎ ఒక్కటే ఉంటుంది" అని చెప్పి తప్పించుకోవడం కుదరదు. దీనికి ఒకటే పెద్ద మినహాయింపు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారికి పార్ట్-ఎను ప్రతి యజమానీ తన దగ్గర పనిచేసిన కాలానికి విడిగా ఇవ్వాలి. పార్ట్-బిని మాత్రం ఉద్యోగి కోరుకున్నదాన్ని బట్టి అందరూ ఇవ్వవచ్చు, చివరి యజమాని ఒక్కరే ఇవ్వవచ్చు. పాత కంపెనీ నుంచి పార్ట్-ఎ ఒక్కటే రావడం వెనుక ఈ కారణం ఉండవచ్చు.

సరిచూడగలిగినవి

ముందు చూడాల్సింది పన్ను అంకెలు కాదు, పాన్. ఉద్యోగి పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా జమ అయిన పన్ను వేరే వాళ్ల పేరున పడుతుంది. తర్వాత ట్యాన్. అది నాలుగు అక్షరాలు, ఐదు అంకెలు, మళ్లీ ఒక అక్షరంగా ఉంటుంది. నాలుగో అక్షరం యజమాని పేరులోని మొదటి అక్షరం అయి ఉండాలి. ట్యాన్ ఎవరిదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. తర్వాత పనిచేసిన కాలం. అది 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు ఉంటే సరి. సెప్టెంబరులో మొదలైతే మొదటి ఐదు నెలలు ఎక్కడున్నారని అడగాల్సిందే. రెండు కంపెనీలూ విడివిడిగా ఒక్కో స్టాండర్డ్ డిడక్షన్, ఒక్కోసారి తక్కువ శ్లాబు లెక్కేసుకుని పన్ను తక్కువ పట్టి ఉంటే, రిటర్న్ వేసేటప్పుడు బాకీ బయటపడుతుంది. పార్ట్-ఎలో ఈ బాకీ కనిపించదు, కానీ ఆ తేదీలు హెచ్చరిస్తాయి.

ఆ తర్వాత కూడికలు. నాలుగు త్రైమాసికాల్లో జమ చేసిన పన్ను మొత్తం, చలాన్ల పట్టికలోని మొత్తానికి సమానంగా ఉండాలి. పట్టుకున్న పన్నుకన్నా జమ చేసిన పన్ను తక్కువైతే కంపెనీ బాకీ పడినట్టే. జమ తేదీలు కూడా చూడండి. ప్రైవేటు యజమాని ఒక నెలలో పట్టిన పన్ను మరుసటి నెల 7వ తేదీలోగా, మార్చిలో పట్టినదైతే ఏప్రిల్ 30లోగా కట్టాలి. డిసెంబరు పన్ను జనవరి 21న జమ అయినట్టు కనిపిస్తే కంపెనీ ఆలస్యం చేసిందని అర్థం. దానికి నెలకు 1.5 శాతం వడ్డీ కంపెనీయే భరించాలి, ఉద్యోగికి పన్ను క్రెడిట్ మాత్రం పోదు.

చివరి గడిలోని అక్షరమే అన్నిటికన్నా ముఖ్యం. F అంటే యజమాని స్టేట్‌మెంట్‌లో చూపిన చలాన్ వివరాలు బ్యాంకు ద్వారా ప్రభుత్వానికి చేరిన వివరాలతో సరిపోయాయి. U అంటే సరిపోలేదు. చలాన్ నంబరో, తేదీయో, మొత్తమో ఎక్కడో తేడా ఉంది. O అంటే చలాన్ దొరికింది కానీ అందులో ఉన్న డబ్బుకన్నా ఎక్కువ వాడుకున్నట్టు చూపారు. P తాత్కాలికం, ప్రభుత్వ కార్యాలయాలకే వస్తుంది. U, O ఉన్నచోట ఉద్యోగి చేయగలిగింది కంపెనీని సవరణ స్టేట్‌మెంట్ వేయమనడమే. సవరించాక కొత్త సర్టిఫికెట్ దించుకుంటే పైన అప్‌డేట్ తేదీ మారుతుంది. ట్రెజరీ ద్వారా జీతం తీసుకునే టీచర్లు, ఇతర ప్రభుత్వ ఉద్యోగుల ఫారంలో చలాన్ల పట్టిక ఖాళీగా ఉండి, దానిపైన బుక్ అడ్జస్ట్‌మెంట్ పట్టిక నిండి ఉండవచ్చు. అక్కడ పన్ను బ్యాంకు చలాన్‌తో కాక ప్రభుత్వ ఖాతాల్లోనే సర్దుబాటు అవుతుంది. ఖాళీ పట్టిక చూసి కంగారు పడనక్కర్లేదు.

ఈ తనిఖీలన్నీ కాగితం లోపల జరిగేవి. కాగితం బయట ఒక సాక్షి ఉంది, ఫారం 26ఏఎస్. ఉద్యోగి తన పాన్‌తో `incometax.gov.in`లో లాగిన్ అయి, `e-File` కింద `Income Tax Returns`లో `View Form 26AS` నొక్కితే ట్రేసెస్‌కు వెళ్తుంది. పార్ట్-ఎలో మూడు నెలలకు కలిపి చూపిన పన్ను అక్కడ చెల్లింపులవారీగా తేదీలతో కనిపిస్తుంది. ఆ రెండు మొత్తాలూ కలవాలి. రిటర్న్‌లో పన్ను క్రెడిట్ ఇచ్చేటప్పుడు శాఖ చూసేది తన దగ్గరున్న ఆ రికార్డునే, మీ చేతిలోని పీడీఎఫ్‌ను కాదు. పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం ఉంటే అసలు ఫైల్‌లోనే సరిచూడాలి. స్క్రీన్‌షాట్‌లోనూ, ప్రింట్ తీసి స్కాన్ చేసిన కాపీలోనూ ఆ సంతకం వట్టి బొమ్మ. రెండు భాగాలూ ఒకే ఫైల్‌గా సంతకం అయి ఉండగా పేజీలు విడదీసి పంపినా ఆ సంతకం చెల్లదు.

వీటన్నిటికీ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. 26ఏఎస్ చూడగలిగేది ఆ ఉద్యోగి, లేదా ఆయన అనుమతించినవారు. ఇల్లు అద్దెకిచ్చే యజమానో, చేబదులు ఇచ్చే స్నేహితుడో పార్ట్-ఎ కాపీ ఒక్కటి పట్టుకుని కూడికలు సరిపోయాయి కాబట్టి కాగితం అసలుదే అనుకోకూడదు. నకిలీ తయారుచేసేవాడు కూడికలు కూడా సరిగ్గానే వేస్తాడు. ఆ ఉద్యోగి తన లాగిన్‌లో 26ఏఎస్ తెరిచి చూపితేనే అది నిలబడుతుంది.

ఒకే పార్ట్-ఎ, ముగ్గురు ఉద్యోగులు

ఇప్పుడు సరిచూడలేని వైపుకు వద్దాం. ఒక పార్ట్-ఎ ఇలా ఉందనుకుందాం. ఏడాది పొడవునా ఒకే కంపెనీ, హైదరాబాద్. ప్రతి త్రైమాసికంలో చెల్లించిన మొత్తం 3,00,000, ఏడాదికి 12,00,000. పట్టుకున్న పన్ను వరుసగా 15,000, 15,000, 18,500, 23,000. మొత్తం 71,500. జమ కూడా అంతే, అన్ని చలాన్లకూ F. పైన చెప్పిన పరీక్షలన్నీ ఇది నెగ్గింది. మరి "టాక్స్ సరిగ్గా కట్ చేశారా" అన్న ప్రశ్నకు అవునని చెప్పవచ్చా?

మొదటి ఉద్యోగి కొత్త విధానంలో ఉన్నారు. 12,00,000లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 11,25,000. మూడు లక్షల వరకు పన్ను లేదు. ఏడు లక్షల వరకు 5 శాతం చొప్పున 20,000, పది లక్షల వరకు 10 శాతం చొప్పున 30,000, మిగిలిన 1,25,000 మీద 15 శాతం చొప్పున 18,750. మొత్తం 68,750, దానిమీద 4 శాతం సెస్ 2,750. కలిపి 71,500. పార్ట్-ఎతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. లెక్కలు తెలిసినవాళ్లు చాలామంది ఇక్కడితో ఆగి, సరిగ్గానే ఉందని జవాబు పంపేస్తారు.

రెండో ఉద్యోగి పాత విధానంలో ఉన్నారు. జీతం అదే 12,00,000, మూల వేతనం 6,00,000. నెలకు 20,000 అద్దె కడతారు. ఏడాది అద్దె 2,40,000లోంచి మూల వేతనంలో పది శాతం 60,000 తీసేస్తే ఇంటి అద్దె భత్యంలో మినహాయింపు 1,80,000. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, 80సి కింద 1,50,000, తనకూ తల్లిదండ్రులకూ కలిపి ఆరోగ్య బీమా 36,350. ఇవన్నీ పోగా పన్ను విధించే ఆదాయం 7,81,250. పాత శ్లాబుల ప్రకారం ఐదు లక్షల వరకు 12,500, మిగతా 2,81,250 మీద 20 శాతం చొప్పున 56,250. మొత్తం మళ్లీ 68,750. సెస్‌తో మళ్లీ 71,500. పార్ట్-ఎలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

మూడో ఉద్యోగి దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. ఆయన జీతం 12,00,000 కాదు, 13,80,000. ఆయన కంపెనీ త్రైమాసిక స్టేట్‌మెంట్‌లో మినహాయింపు పోయే అద్దె భత్యం 1,80,000 తీసేసి మిగతాది మాత్రమే చూపింది. అందుకే పార్ట్-ఎలో 12,00,000 కనిపించింది. ఆయన హైదరాబాద్‌లో అద్దెకుంటూ, గుంటూరులో తల్లిదండ్రులు ఉండే సొంత ఇంటి అప్పుకు ఏడాదికి 1,80,000 వడ్డీ కడుతున్నారు. దాన్ని ఇంటి ఆస్తి నష్టంగా ఆఫీసుకు తెలిపారు. మిగతా తగ్గింపులు రెండో ఉద్యోగివే. ఆదాయం మళ్లీ 7,81,250, పన్ను మళ్లీ 71,500. పార్ట్-ఎను చూసిన సలహాదారు "కొత్త విధానంలోనూ ఇంతే వస్తుంది, ప్రూఫుల గోల లేకుండా అందులోకి మారిపొండి" అన్నాడనుకోండి. ఆయన అసలు జీతం మీద కొత్త విధానంలో 75,000 పోగా 13,05,000 అవుతుంది. దానిమీద పన్ను 1,01,000, సెస్‌తో 1,05,040. ఆ ఒక్క సలహా ఖరీదు 33,540 రూపాయలు.

ముగ్గురి పార్ట్-ఎ ఒకటే, ముగ్గురి అవసరాలు వేర్వేరు. రెండో ఉద్యోగి దగ్గర అద్దె రసీదులు ఉన్నాయా, ఏడాది అద్దె లక్ష దాటింది కాబట్టి ఇంటి యజమాని పాన్ ఇచ్చారా అని అడగాలి. మూడో ఉద్యోగి దగ్గర బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్ కూడా చూడాలి. మొదటి ఉద్యోగి దగ్గర ఇవేవీ అక్కర్లేదు, ఆయనకు పాత విధానం మేలవుతుందా అని మాత్రం ఒకసారి లెక్కేయాలి. ఏది అడగాలో పార్ట్-ఎ చెప్పలేదు. చివరి త్రైమాసికంలో 23,000కు ఎందుకు పెరిగిందో కూడా చెప్పలేదు. ఆధారాలు ఇవ్వలేదేమో, జనవరిలో విధానం మార్చారేమో, మొదటి నెలల్లో అంచనా తక్కువ వేశారేమో. చెల్లించిన మొత్తం అన్ని త్రైమాసికాల్లోనూ ఒకటే కాబట్టి బోనస్ కారణం కాదేమోనని మాత్రం అనుమానించవచ్చు.

వచ్చే అభ్యంతరాలు

"పార్ట్-ఎలో చెల్లించిన మొత్తం అని ఉంది కదా, అదే జీతం" అన్నది మొదటి అభ్యంతరం. ఆ గడిలోకి వచ్చేది కంపెనీ త్రైమాసిక స్టేట్‌మెంట్‌లో చూపిన అంకె. కొన్ని కంపెనీలు మొత్తం జీతం చూపుతాయి, కొన్ని మినహాయింపులు తీసేసి చూపుతాయి. పన్ను పట్టని నెలల జీతాన్ని ఆ వరుసల్లో చూపని సందర్భాలూ ఉన్నాయి. మొదటి తొమ్మిది నెలలు పన్ను పడక, జనవరి నుంచే పట్టిన ఉద్యోగి పార్ట్-ఎలో చివరి త్రైమాసికం ఒక్కటే కనిపించవచ్చు. అది చూసి ఏడాది జీతం మూడు నెలల మొత్తమే అనుకుంటే ఎంత పొరపాటో వేరే చెప్పనక్కర్లేదు. సీటీసీని దీంతో పోల్చడం అంతకన్నా పెద్ద పొరపాటు. యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కేటాయింపు లాంటివి సీటీసీలో ఉంటాయి, సాధారణంగా ఇందులో ఉండవు. పెళ్లి సంబంధంలో అబ్బాయి చెప్పిన ప్యాకేజీకి పార్ట్-ఎ అంకెకీ తేడా ఉందంటే, ఒక్క ఆ కారణంతో అబ్బాయిని అబద్ధాలకోరు అనలేం.

రెండో అభ్యంతరానికి కొంచెం బలం ఉంది. ప్రభుత్వ పోర్టల్ నుంచి వచ్చింది కాబట్టి లెక్క కూడా శాఖ సరిచూసే ఇచ్చిందంటారు. పోర్టల్ సరిచూసింది నిజమే, కానీ సరిచూసింది చలాన్‌ను. ఈ పాన్ పేరున ఇంత పన్ను కట్టామని కంపెనీ చెప్పింది, ఆ డబ్బు ప్రభుత్వానికి చేరిందని బ్యాంకు చెప్పింది, రెండూ కలిశాయి, F వచ్చింది. కంపెనీ అద్దె మినహాయింపు సరిగ్గా లెక్కేసిందా, ఉద్యోగి అడిగిన 80డి తగ్గింపును కలుపుకుందా అన్నవి చలాన్ పరిధిలోవి కావు. పేస్లిప్‌లో పన్ను కింద 8,000 కోసి, స్టేట్‌మెంట్‌లో 6,000 మాత్రమే చూపి, ఆ 6,000నే కట్టిన కంపెనీకీ పార్ట్-ఎలో F వస్తుంది. ఆ రెండు వేల తేడా పార్ట్-ఎలో కనిపించదు, పన్నెండు నెలల పేస్లిప్‌లు పక్కన పెడితేనే కనిపిస్తుంది. పట్టుకున్న పన్నును మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని ఆదాయపు పన్ను చట్టం 1961లోని 205వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ అడగాలంటే పట్టుకున్నారనడానికి ఆధారం చూపాలి. అందుకే పేస్లిప్‌లు దాచుకోమని చెప్పడం.

మూడో అభ్యంతరం పంపినవారి వైపు నుంచి వస్తుంది. "పార్ట్-బిలో నా ఇంటి గుట్టంతా ఉంటుంది, అందరికీ ఎందుకు చూపాలి?" ఇది న్యాయమైన మాట. ఇంటి అప్పు, బీమా, తల్లిదండ్రుల ఖర్చు, ఇంట్లో వైకల్యం ఉన్నవారి కోసం తీసుకున్న తగ్గింపు వరకు అందులో బయటపడతాయి. ఎక్కడ పనిచేస్తున్నారు, పన్ను జమ అవుతోందా అన్నది మాత్రమే అవతలివారికి కావాలంటే పార్ట్-ఎ చాలు. అందులోనూ పాన్, ఇంటి చిరునామా ఉంటాయి కాబట్టి దాన్నీ ఆచితూచే పంపాలి. అయితే గుట్టు కాపాడుకోవడమూ లెక్క సరిచూపించుకోవడమూ ఒకేసారి కుదరవు. రిఫండ్ వస్తుందా అని అడిగేవారు రిఫండ్ లెక్కకు కావలసిన కాగితం ఇవ్వాల్సిందే. ఇవ్వనంటే ఆ ప్రశ్న వెనక్కి తీసుకోవాలి.

పార్ట్-బి రాకపోతే

ఆఫీసు పార్ట్-బి ఇవ్వడం లేదంటే ముందు రాతపూర్వకంగా అడగండి. సర్టిఫికెట్ ఇవ్వని యజమానికి రోజుకు 500 రూపాయల చొప్పున, పన్ను మొత్తానికి మించకుండా జరిమానా వేసే అధికారం శాఖకు ఉంది. ఆ సంగతి ఈమెయిల్‌లో మర్యాదగా ఒక్క వాక్యంగా రాస్తే చాలాసార్లు పని జరుగుతుంది. వచ్చిన పార్ట్-బి మీద సర్టిఫికెట్ నంబరు, ట్యాన్, పాన్ ఈ పార్ట్-ఎ మీద ఉన్నవేనా అని చూడండి. సవరణలు జరిగిన ఏడాదిలో పాత పార్ట్-ఎకు కొత్త పార్ట్-బి జతపడటం మామూలే.

అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. పార్ట్-బిలోని వివరాలు కంపెనీ నాలుగో త్రైమాసిక స్టేట్‌మెంట్‌తో పాటు శాఖకు చేరతాయి. ఆ స్టేట్‌మెంట్‌కు గడువు మే 31. అక్కడి నుంచి జీతం మొత్తం ఉద్యోగి లాగిన్‌లోని వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్‌లో కనిపిస్తుంది. దాన్ని పార్ట్-ఎ పక్కన పెట్టి చూడండి. మూడో ఉద్యోగి విషయంలో ఇక్కడే 13,80,000 బయటపడేది. బ్యాంకు వడ్డీలాంటి ఇతర ఆదాయాలు కూడా ఏఐఎస్‌లో ఉంటాయి. అవి జీతం సర్టిఫికెట్‌లో కనపడకపోయినా రిటర్న్‌లో చూపాల్సిందే. మార్చి పేస్లిప్‌లో ఏడాది మొత్తం కాలమ్ ఉంటే భత్యాల విడదీత అక్కడ దొరుకుతుంది. అద్దె రసీదులు, ఎల్‌ఐసీ, పీఎఫ్, ఇంటి అప్పు వడ్డీ కాగితాలు ఉద్యోగి దగ్గరే ఉంటాయి. రిటర్న్‌కు ఫారం 16ను జతచేయనక్కర్లేదు. కాబట్టి ఈ కాగితాలతోనే గడువులోగా రిటర్న్ వేయవచ్చు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ఆఫీసులో ఏ విధానం ఎంచుకున్నా, గడువులోగా వేసే రిటర్న్‌లో మరో విధానానికి మారవచ్చు. పార్ట్-ఎలోని 71,500 చివరి పన్ను కాదనడానికి ఇది ఇంకో కారణం. అది ముందస్తుగా కట్టిన సొమ్ము మాత్రమే.

ఇంతకీ వాట్సాప్‌లో అడిగినవారికి ఏం రాయాలి? ఇలా రాస్తే చాలు: "మీ పార్ట్-ఎ చూశాను. మీ పాన్ మీద 71,500 పట్టి, అంతా జమ చేసినట్టు ఉంది. 26ఏఎస్‌లోనూ అంతే ఉందో లేదో మీరు లాగిన్ అయి చూసుకోండి. పట్టిన పన్ను సరైనదా, రిఫండ్ వస్తుందా అన్నది దీన్నిబట్టి చెప్పలేను. పార్ట్-బి, అది లేకపోతే మార్చి పేస్లిప్, ఏఐఎస్ పంపండి. పాత విధానమా కొత్తదా, ఏడాదిలో ఇంకెక్కడైనా పనిచేశారా, అది కూడా చెప్పండి." ఆ కాగితాలు వచ్చేదాకా "అంతా బాగానే ఉంది" అన్న మాట మాత్రం రాయకండి.